యూనిట్ – 9: కమతాల పటంలో టోపాలజీ దోషాల సవరణ – విస్తీర్ణం లెక్కించడానికి ముందు చేయవలసిన పని

9.0 ఉద్దేశాలు

ఈ యూనిట్ చదివిన తర్వాత మీరు:

- కమతాల పటంలో వచ్చే మూడు ప్రధాన దోషాలను, అంటే చెల్లని ఆకృతి, అతివ్యాప్తి, ఖాళీలను గుర్తించగలుగుతారు.
- మొత్తం విస్తీర్ణం రికార్డుతో సరిపోయినా విడి కమతాల విస్తీర్ణాలు ఎందుకు తప్పు కావచ్చో వివరించగలుగుతారు.
- దోషాలను ఏ వరుసలో, ఏ ఆధారంతో సవరించాలో చెప్పగలుగుతారు.
- స్వయంచాలక పరికరాలను ఎక్కడ వాడవచ్చో, ఎక్కడ వాడకూడదో నిర్ణయించగలుగుతారు.

9.1 పరిచయం

కడప జిల్లా కొండాపురం మండలం పెన్నా నది ఒడ్డున ఉంది. గాలేరు–నగరి సుజల స్రవంతి పథకంలో భాగంగా ఆ నదిపై నిర్మించిన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. దాని వెనుక నీరు కొండాపురం మండలంలోని గ్రామాల పొలాల మీదికి వస్తుంది. తాళ్ళప్రొద్దుటూరు వంటి గ్రామాలు ఆ నీటి కారణంగానే తమ చోటు వదలవలసి వచ్చింది.

ఇలాంటి చోట జీఐఎస్ చేసే పని వినడానికి చాలా తేలిక. ఒక పొరలో రైతుల కమతాలు ఉంటాయి. రెండో పొరలో ముంపు ప్రాంతం ఉంటుంది. రెండింటినీ ఒకదానిపై ఒకటి పరిచి, ప్రతి కమతంలో ఎంత భాగం నీటి కింద పోతుందో లెక్కిస్తాం. కానీ కమతాల పొరలో రెండు కమతాలు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటే, ఆ పట్టీ ఇద్దరు రైతుల లెక్కలోనూ పడుతుంది. రెండు కమతాల మధ్య ఖాళీ ఉంటే, ఆ పట్టీ ఎవరి లెక్కలోనూ పడదు. నేల మీద మాత్రం ఆ పట్టీకి ఒక్కడే యజమాని. సెంట్లలో కనిపించే ఈ తేడా ఆ రైతుకు చేతికి వచ్చే పరిహారంలో తేడాగా మారుతుంది.

అందువల్ల విస్తీర్ణం లెక్కించడం చివరి మెట్టు. దానికి ముందు పటాన్ని శుభ్రం చేయాలి. ఈ యూనిట్‌లో ఒకే ఒక సర్వే నంబరును తీసుకొని ఆ పనిని మొదటి నుంచి చివరి వరకు చేద్దాం. సర్వే నంబరు, అందులోని కొలతలు అభ్యాసం కోసం కల్పించినవి. కొలతల పద్ధతి మాత్రం మన సర్వే రికార్డుల పద్ధతే.

9.2 కొలతల గురించి రెండు మాటలు

మన గ్రామాల పాత సర్వే రికార్డు ఎఫ్ఎంబీ, అంటే క్షేత్ర కొలతల పుస్తకం. అందులో ప్రతి సర్వే నంబరుకు ఒక పటం, ఆ పటంపై కొలతలు ఉంటాయి. ఆ కొలతలు గంటర్ గొలుసు లింకుల్లో ఉంటాయి. ఒక గొలుసు 66 అడుగులు, అంటే 20.1168 మీటర్లు. అందులో 100 లింకులు. కనుక ఒక లింకు సుమారు 20 సెంటీమీటర్లు.

ఈ కొలతలో ఒక సౌలభ్యం ఉంది. ఎకరం అంటే 10 చదరపు గొలుసులు, అంటే 1,00,000 చదరపు లింకులు. సెంటు అంటే 1,000 చదరపు లింకులు. పొడవు, వెడల్పు లింకుల్లో తెలిస్తే గుణించి వెయ్యితో భాగిస్తే సెంట్లు వస్తాయి. మీటర్లలో అయితే ఒక సెంటు 40.4686 చదరపు మీటర్లు. ఈ యూనిట్‌లోని లెక్కలను లింకుల్లో చేస్తే మీరు కాగితం మీదే సరిచూసుకోవచ్చు.

ఇక అక్షాంశ రేఖాంశాల సంగతి. డిగ్రీల్లో ఉన్న పటంపై నేరుగా విస్తీర్ణం లెక్కించకూడదన్న విషయం వెనుకటి యూనిట్లలో చదివారు. కొండాపురం 78° తూర్పు రేఖాంశానికి కొంచెం తూర్పున ఉంది కనుక యూటీఎం 44వ మండలంలోకి వస్తుంది. దాని సంకేతం `EPSG:32644`. అయితే ఆ మండలపు మధ్యరేఖ 81° దగ్గర ఉంది. కొండాపురం దానికి దాదాపు 300 కిలోమీటర్లు పడమర, మండలపు అంచున ఉంది. అంచున యూటీఎం పటం నేలను కొద్దిగా సాగదీస్తుంది. అక్కడ పొడవు సుమారు 0.07 శాతం, విస్తీర్ణం సుమారు 0.14 శాతం పెరుగుతాయి. వంద ఎకరాలకు ఇది 14 సెంట్లు.

క్యూజీఐఎస్‌లో ఈ తేడా రాకుండా చూసుకోవచ్చు. ప్రాజెక్టు లక్షణాల్లో దీర్ఘవృత్తాభాన్ని WGS 84 గాను, విస్తీర్ణపు కొలమానాన్ని చదరపు మీటర్లుగాను పెట్టండి. తర్వాత ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో ఇలా రాయండి.

```
$area / 40.4686
```

`$area` భూమి వంపును లెక్కలోకి తీసుకుంటుంది. `area($geometry)` అని రాస్తే పటం మీది సమతల విస్తీర్ణమే వస్తుంది. రెండూ ఒకటే అనుకొని ఒక పట్టికలో ఒకటి, మరో పట్టికలో మరొకటి వాడితే, దోషం లేని పటంలో కూడా లేని తేడాలు కనిపిస్తాయి.

9.3 మన ఉదాహరణ

ఒక సర్వే నంబరు తీసుకుందాం. రికార్డు ప్రకారం దాని విస్తీర్ణం 12.40 ఎకరాలు. అందులో పడమర నుంచి తూర్పుకు వరుసగా నాలుగు సబ్‌డివిజన్లు ఉన్నాయి. వాటి విస్తీర్ణాలు ఇవి: 1వది 4.20, 2వది 2.85, 3వది 3.05, 4వది 2.30 ఎకరాలు. ఒక్కొక్కటి ఉత్తర దక్షిణాలుగా సాగిన పొడవాటి కమతం.

ఎఫ్ఎంబీ నుంచి ఈ నాలుగింటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. విస్తీర్ణం లెక్కిస్తే ఇలా వచ్చింది.

| సబ్‌డివిజన్ | రికార్డు (సెంట్లు) | పటం (సెంట్లు) |
|---|---|---|
| 1 | 420 | 420.0 |
| 2 | 285 | 289.5 |
| 3 | 305 | 305.0 |
| 4 | 230 | 225.7 |
| మొత్తం | 1240 | 1240.2 |

మొత్తం మాత్రమే చూసేవారు ఈ పటం బాగుందనుకుంటారు. పన్నెండున్నర ఎకరాల్లో సెంటులో అయిదో వంతు తేడా లెక్కలోకి రాదని సంతకం పెడతారు. కానీ 2వ కమతంలో నాలుగున్నర సెంట్లు ఎక్కువ, 4వ కమతంలో నాలుగు సెంట్ల పైచిలుకు తక్కువ ఉన్నాయి. ఎక్కువా తక్కువా కలిసి ఒకదాన్నొకటి మింగేశాయి.

ఈ దాగుడుమూతను ఒక చిన్న సూత్రం బయటపెడుతుంది.

కమతాల మొత్తం = వెలుపలి హద్దు లోపలి విస్తీర్ణం − ఖాళీలు + అతివ్యాప్తులు

రెండు కమతాలు ఎక్కి ఉన్న పట్టీ మొత్తంలో రెండుసార్లు పడుతుంది కనుక దాన్ని కలుపుతున్నాం. ఖాళీ ఒక్కసారి కూడా పడదు కనుక తీసేస్తున్నాం. ఒకే పట్టీపై మూడు కమతాలు ఎక్కితే అది రెండుసార్లు అదనంగా లెక్కకు వస్తుందని గుర్తుంచుకోండి. మొత్తం సరిపోవడం వల్ల ఖాళీలు, అతివ్యాప్తులు సమానమని మాత్రమే తెలుస్తుంది. అవి లేవని తెలియదు. అందుకే ఈ రెండింటినీ విడివిడిగా వెతకాలి.

9.4 మొదటి మెట్టు: చెల్లని ఆకృతులు

అతివ్యాప్తిని వెతికే ముందు ప్రతి కమతమూ తనంతట తాను సరైన ఆకృతిలో ఉందా అని చూడాలి. ఎందుకంటే చెల్లని ఆకృతి ఉన్న కమతంపై మిగతా పరీక్షలు ఆగిపోతాయి, లేదా తప్పు ఫలితం ఇస్తాయి.

సాధారణంగా కనిపించే దోషం, కమతపు హద్దు తనను తానే దాటడం. మూలల వరుస తారుమారైతే ఇది జరుగుతుంది. 500 లింకుల పొడవు, 300 లింకుల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రపు మడి ఊహించండి. దాని విస్తీర్ణం 1,50,000 చదరపు లింకులు, అంటే ఎకరం యాభై సెంట్లు. చుట్టూ తిరుగుతూ నమోదు చేయవలసిన నాలుగు మూలల్లో చివరి రెండింటిని తారుమారు చేస్తే ఈ వరుస వస్తుంది: (0,0), (500,0), (0,300), (500,300). చుట్టూ ఉండవలసిన గీత మధ్యలో గుణకారపు గుర్తులా దాటుతుంది.

కంప్యూటర్ విస్తీర్ణాన్ని మూలల నిరూపకాలతో లెక్కిస్తుంది. ఒక దిశలో తిరిగిన భాగం ధనాత్మకం, ఎదురు దిశలో తిరిగినది రుణాత్మకం. ఇక్కడ పై త్రిభుజం, కింది త్రిభుజం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫలితం సున్నా. ఎకరంన్నర మడి పట్టికలో సున్నాగా కనిపిస్తుంది.

ఇప్పుడు జాగ్రత్తగా గమనించవలసిన విషయం. క్యూజీఐఎస్‌లోని `Fix geometries` పరికరానికి దీన్ని అప్పగిస్తే, గీతలు దాటిన చోట ఒక బిందువు పెట్టి ఆకృతిని రెండు త్రిభుజాలుగా విడగొడుతుంది. ఒక్కో త్రిభుజం 500 లింకుల భూమి, 150 లింకుల ఎత్తు ఉన్నది, అంటే 37,500 చదరపు లింకులు. రెండూ కలిపి 75 సెంట్లు. ఇప్పుడు ఆకృతి చెల్లుతుంది, పరీక్షలో తప్పు చూపదు. కానీ రైతు నేలలో సగం మాయమైంది.

ఆ పరికరం చెల్లని ఆకృతిని చెల్లేలా చేస్తుంది. నేల మీది నిజం దానికి తెలియదు. అందువల్ల ముందు `Check validity` నడిపి, తప్పు ఉన్న కమతాల జాబితా తీసుకోండి. ఎఫ్ఎంబీ చూసి మూలల వరుసను చేతితో సరిదిద్దండి. ఒకే బిందువు రెండుసార్లు పడటం వంటి, విస్తీర్ణం మారని చిన్న దోషాలకు మాత్రమే స్వయంచాలక పరికరాన్ని వదిలేయండి. వాడిన ప్రతిసారీ ముందు విస్తీర్ణం, తర్వాత విస్తీర్ణం పక్కపక్కన పెట్టి చూడండి.

మన ఉదాహరణలోని నాలుగు కమతాల ఆకృతులూ సరిగానే ఉన్నాయి. కనుక ముందుకు వెళ్దాం.

9.5 రెండవ మెట్టు: అతివ్యాప్తి

ఏ రెండు కమతాలు ఒకదానిపై ఒకటి ఎక్కాయో తెలుసుకోవడానికి క్యూజీఐఎస్‌లోని `Topology Checker` లో `must not overlap` నియమం పెట్టవచ్చు. ఎంత మేర ఎక్కాయో కూడా కావాలంటే, పోస్ట్‌జీఐఎస్‌లో ఈ ప్రశ్న చాలు.

```sql
SELECT a.subdiv, b.subdiv,
  ST_Area(ST_Intersection(a.geom, b.geom))
    / 40.4686 AS cents
FROM parcels a
JOIN parcels b
  ON a.id < b.id
 AND ST_Intersects(a.geom, b.geom)
WHERE ST_Area(ST_Intersection(a.geom, b.geom)) > 0.01;
```

ఇందులో `a.id < b.id` అన్న షరతు వల్ల ప్రతి జతా ఒక్కసారే వస్తుంది, ఏ కమతమూ తనతో తాను పోల్చుకోదు. `ST_Overlaps` బదులు `ST_Intersects` వాడటానికి కారణం ఉంది. ఒక కమతం మరొక దానిలో పూర్తిగా మునిగి ఉన్నా, ఒకే కమతం రెండుసార్లు నమోదైనా `ST_Overlaps` దాన్ని అతివ్యాప్తిగా పరిగణించదు. అతి పెద్ద తప్పులే అలా తప్పించుకుంటాయి. చివరి షరతు, హద్దు మాత్రమే పంచుకునే పొరుగు కమతాలను వడకడుతుంది.

మన ఉదాహరణలో ఈ ప్రశ్నకు ఒక్క వరుస వచ్చింది: 1, 2 కమతాల మధ్య 4.5 సెంట్లు. దగ్గరగా పెద్దది చేసి చూస్తే అది చీలిక ఆకారంలో ఉంది. ఉత్తరాన సూది మొనలా మొదలై, దక్షిణ హద్దు దగ్గర 10 లింకుల వెడల్పుకు చేరింది. పొడవు 900 లింకులు. త్రిభుజం కనుక 900 × 10 ÷ 2 = 4,500 చదరపు లింకులు. లెక్క సరిపోయింది.

ఈ నాలుగున్నర సెంట్లు ఎవరివి? సాఫ్ట్‌వేర్‌ను అడిగితే అది వెంటనే ఏదో ఒక సమాధానం ఇస్తుంది. `Difference` పరికరంతో 2వ కమతం నుంచి 1వ దాన్ని తీసేస్తే పట్టీ 1వ రైతుకు పోతుంది. వరుస మార్చి చేస్తే 2వ రైతుకు పోతుంది. మధ్యగా గీత గీస్తే ఇద్దరికీ సగం వస్తుంది. మూడు పద్ధతుల్లోనూ అతివ్యాప్తి పోతుంది. కానీ మీరు ఏ బటన్ ముందు నొక్కారన్న దాన్నిబట్టి ఒక రైతు హద్దు మారకూడదు.

సమాధానం రికార్డులో వెతకాలి. ఎఫ్ఎంబీలో 1, 2 కమతాల ఉమ్మడి హద్దు దక్షిణ గట్టును తాకే చోటు, నైరుతి మూల రాయి నుంచి 474 లింకులు అని ఉంది. పటంలో కొలిచి చూస్తే 1వ కమతపు మూల 474 దగ్గరే ఉంది. 2వ కమతపు మూల మాత్రం 464 దగ్గర ఉంది. పాత కాగితం మీది 7 అంకెను 6 గా చదివారు. తప్పు ఎక్కడుందో, ఎంతుందో, ఎందుకు వచ్చిందో మూడూ తెలిశాయి. ఇప్పుడు 2వ కమతపు మూలను జరపవచ్చు.

జరిపేటప్పుడు స్నాపింగ్ ఆన్ చేసి, 2వ కమతపు మూలను 1వ కమతపు మూల బిందువుకే అతికించండి. కంటికి కలిసినట్టు కనిపించే చోట వదిలేస్తే కొన్ని సెంటీమీటర్ల పట్టీ మిగిలిపోతుంది. బిందువులు కలిసిన తర్వాత `Topological Editing` ఆన్ చేసి ఉంచితే, ఇక మీదట ఉమ్మడి మూలను జరిపినప్పుడు రెండు కమతాలూ కలిసి కదులుతాయి. బిందువులు కలవక ముందు ఈ సౌకర్యం పనిచేయదు, ఎందుకంటే అవి ఒకటేనని సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

రికార్డు కూడా స్పష్టంగా లేకపోతే? అప్పుడు అది జీఐఎస్ దోషం కాదు, సరిహద్దు సందేహం. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం హద్దును నిర్ణయించే అధికారం సర్వే అధికారిది. పట్టాదారులకు నోటీసు, అప్పీలు అన్నీ అందులో ఉన్నాయి. మీరు చేయవలసింది ఆ పట్టీని పటంలో విడిగా చూపి, రెండు కమతాల నంబర్లు, సెంట్లు రాసి పైకి పంపడం.

9.6 మూడవ మెట్టు: ఖాళీ

ఖాళీలను వెతకడంలో ఒక మెలిక ఉంది. కమతాలన్నిటినీ `Dissolve` తో కలిపి, లోపల మిగిలిన రంధ్రాలను వెతకడం చాలామంది చేసే పని. లోపల చిక్కుకున్న ఖాళీ అలా దొరుకుతుంది. వెలుపలి హద్దు వైపు తెరుచుకున్న ఖాళీ మాత్రం రంధ్రంగా కనిపించదు, కమతాల అంచులో గాటుగా ఉంటుంది. దాన్ని ఈ పద్ధతి పట్టుకోలేదు.

అందుకే వెలుపలి హద్దును విడి పొరగా, కమతాలతో సంబంధం లేకుండా, ఎఫ్ఎంబీలోని రాళ్ళ ఆధారంగా ముందే గీయాలి. ఆ హద్దు నుంచి కమతాలను `Difference` తో తీసివేస్తే మిగిలేది ఖాళీ. దాన్ని `Multipart to singleparts` తో విడి ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకు సెంట్లు లెక్కించాలి.

మన ఉదాహరణలో ఒక ముక్క మిగిలింది. 3, 4 కమతాల మధ్య 860 లింకుల పొడవున, దక్షిణ హద్దు దగ్గర 10 లింకుల వెడల్పుతో మరో చీలిక. 860 × 10 ÷ 2 = 4,300 చదరపు లింకులు, అంటే 4.3 సెంట్లు. సూత్రంలో వేసి చూడండి: 1240 − 4.3 + 4.5 = 1240.2. పట్టికలోని మొత్తం వచ్చింది. అంటే ఇంకే దోషమూ దాగి లేదు.

ఈ ఖాళీ దక్షిణ హద్దు వైపు తెరుచుకుని ఉంది. రంధ్రాల పద్ధతిలో వెతికి ఉంటే దొరికేది కాదు.

దీన్ని పూడ్చడానికి `Eliminate selected polygons` అనే పరికరం సిద్ధంగా ఉంది. ఖాళీ ముక్కను పక్క కమతంలో కలిపేస్తుంది. ఏ కమతంలో కలపాలో మూడు ఎంపికలు ఇస్తుంది: పెద్ద విస్తీర్ణం ఉన్నది, చిన్న విస్తీర్ణం ఉన్నది, ఎక్కువ పొడవు హద్దు పంచుకున్నది. పెద్ద విస్తీర్ణం ఎంచుకుంటే 3వ కమతం 309.3 సెంట్లు అవుతుంది, 4వది 225.7 దగ్గరే ఉండిపోతుంది. అతివ్యాప్తినీ సరిచేశాక మొత్తం 1240 సెంట్లు సరిగ్గా వస్తుంది. టోపాలజీ పరీక్షలో ఒక్క తప్పూ చూపదు. అయినా 4వ రైతుకు 4.3 సెంట్లు పోయాయి. ఎక్కువ హద్దు ఎంచుకున్నా ఇక్కడ ఉపయోగం లేదు. చీలికకు రెండు వైపులా హద్దు దాదాపు సమానం కనుక ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా గెలుపును నిర్ణయిస్తుంది.

మళ్ళీ రికార్డుకే వెళ్దాం. ఆగ్నేయ మూల రాయి నుంచి 3, 4 కమతాల ఉమ్మడి మూలకు 267 లింకులు అని ఎఫ్ఎంబీలో ఉంది. పటంలో 3వ కమతపు మూల 267 దగ్గర, 4వ కమతపు మూల 257 దగ్గర ఉన్నాయి. ఈసారి అంకె తప్పు చదవలేదు. స్నాపింగ్ లేకుండా స్కాన్ చేసిన పటంపై చూపుతో క్లిక్ చేశారు. 1:2000 స్కేలు పటంలో ఒక మిల్లీమీటరు పక్కకు పోతే నేల మీద 2 మీటర్లు, అంటే 10 లింకులు. 4వ కమతపు మూలను 3వ దాని మూలకు అతికిస్తే ఖాళీ మూసుకుంటుంది, 230 సెంట్లు వస్తుంది.

9.7 ప్రతి ఖాళీ దోషం కాదు

క్షేత్ర శిక్షణ తరగతుల్లో ఒక విద్యార్థి పటం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక్క ఖాళీ కూడా లేకుండా శుభ్రంగా తెచ్చాడు. ఎఫ్ఎంబీ పక్కన పెట్టి చూస్తే, వెనుక పొలాలకు బండ్లు వెళ్ళే డొంకను ఇటు అటు రైతులకు పంచేశాడు. సన్నగా, పొడవుగా ఉంది కనుక అది తప్పు పట్టీ అనుకున్నాడు. అతని పటం నిజమైతే వెనుక ఉన్న నాలుగు కుటుంబాలకు దారే లేదు.

డొంకలు, వంకలు, పంటకాలువలు, పోరంబోకు పట్టీలు కూడా సన్నగా పొడవుగానే ఉంటాయి. ఆకారం చూసి దోషాన్ని వడకట్టడానికి ఒక కొలత వాడతాం: 4πA/P². ఇందులో A విస్తీర్ణం, P చుట్టుకొలత. వృత్తానికి ఇది 1, చతురస్రానికి సుమారు 0.79. మన 900 లింకుల చీలికకు 0.02 కన్నా తక్కువ. విలువ ఎంత చిన్నదైతే ముక్క అంత సన్నన. కానీ డొంకకూ ఇలాంటి చిన్న విలువే వస్తుంది. కాబట్టి ఈ కొలత అనుమానించవలసిన ముక్కల జాబితా ఇస్తుంది, తీర్పు ఇవ్వదు.

రెంటినీ వేరు చేయడానికి రెండు గుర్తులు సాయపడతాయి. మొదటిది వెడల్పు. డొంక వెడల్పు పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది, రెండు చివరలా మరో దారికో హద్దుకో చేరుతుంది. అంకె తప్పు వల్ల వచ్చినది చీలికలా ఒక చివర సూదిమొన అవుతుంది. రెండవది రికార్డు. డొంకకు, వంకకు ఎఫ్ఎంబీలో గీతలు ఉంటాయి, విస్తీర్ణానికి రికార్డులో చోటు ఉంటుంది. అలాంటి ఖాళీని పూడ్చకుండా దానికే ఒక కమతం గీసి, దాని నంబరు ఇవ్వాలి. అప్పుడు అది ఖాళీగా మిగలదు.

9.8 అతికించే దూరం ఎంత ఉండాలి?

ఊరంతటి పటంలో వందల కమతాలు ఉంటాయి. ప్రతి మూలనూ చేతితో అతికించలేం. `Snap geometries to layer`, గ్రాస్‌లోని `v.clean` వంటి పరికరాలు ఒక నిర్ణీత దూరం లోపల ఉన్న బిందువులన్నిటినీ కలిపేస్తాయి. ఆ దూరం ఎంత పెట్టాలన్నదే ప్రశ్న.

దూరం 3 మీటర్లు పెడితే మన రెండు చీలికలూ ఒక్క దెబ్బతో పోతాయి. అదే దెబ్బకు 2 మీటర్ల వెడల్పున్న పంటకాలువ రెండు ఒడ్లూ అతుక్కుని కాలువ మాయమవుతుంది. దగ్గరదగ్గరగా ఉన్న రెండు హద్దురాళ్ళు ఒకటై గట్టు వంపు నిటారవుతుంది. ఏ మూల ఏ వైపు జరిగిందో జాబితా కూడా ఉండదు.

ఆచరణలో ఈ నియమం పాటించండి: అతికించే దూరం, ఆ పటంలో నిజంగా ఉన్న అతి సన్నని వస్తువు వెడల్పులో సగానికి తక్కువ ఉండాలి. 2 మీటర్ల కాలువ ఉంటే 1 మీటరు కన్నా బాగా తక్కువ. ఎఫ్ఎంబీ అంకెలతో గీసిన పటానికి ఒక లింకు, అంటే 20 సెంటీమీటర్లు, సాధారణంగా చాలు. అంతకు లోపలి తేడాలు చేతి వణుకు వల్ల వచ్చినవి. వాటిని యంత్రానికి వదిలేయవచ్చు. అంతకు మించిన తేడాకు ఏదో ఒక కారణం ఉంటుంది. దాన్ని మనిషి చూడాలి.

ఇక్కడే మరో చిన్న దోషం గురించి చెప్పాలి. మన సర్వే నంబరుకు ఉత్తరాన పక్క సర్వే నంబరు ఉందనుకోండి. దాని దక్షిణ హద్దు రెండు రాళ్ళ మధ్య ఒకే సరళరేఖ. మన నాలుగు కమతాల మూలలు ఆ రేఖ మీద ఆనుకుని ఉన్నాయి, కానీ ఆ రేఖలో అక్కడ బిందువులు లేవు. ఇప్పుడు పటాన్ని ఒక నిరూపక పద్ధతి నుంచి మరొక దానికి మారిస్తే, సాఫ్ట్‌వేర్ బిందువులను మాత్రమే మారుస్తుంది. మధ్య బిందువులు మన వైపు కొద్దిగా జరుగుతాయి, అవతలి రేఖ నిటారుగానే ఉండిపోతుంది. వెంట్రుక మందం ఖాళీలు, అతివ్యాప్తులు పుట్టుకొస్తాయి. విస్తీర్ణానికి వీటివల్ల నష్టం లేకపోయినా, టోపాలజీ పరీక్షలో వందల తప్పులు చూపి అసలు తప్పును కప్పేస్తాయి. ఉమ్మడి హద్దులో ఒకరికి ఉన్న ప్రతి బిందువు రెండో వారికీ ఉండేలా, పద్ధతి మార్చకముందే చూసుకోవాలి.

9.9 సవరణ తర్వాత

రెండు మూలలు జరిపాక మన పట్టిక 420, 285, 305, 230 సెంట్లు చూపుతుంది. మొత్తం 1240. అతివ్యాప్తి ప్రశ్నకు ఒక్క వరుసా రాదు. వెలుపలి హద్దులోంచి కమతాలు తీసేస్తే ఏమీ మిగలదు. ఈ మూడూ కలిసి జరిగితేనే పటం శుభ్రమైనట్టు.

అభ్యాసం కనుక ఇక్కడ రికార్డుతో అచ్చంగా సరిపోయింది. నిజమైన గ్రామంలో అలా జరగదు. కొలతల్లో, కాగితం సాగడంలో, పాత గుణింపుల్లో చిన్న తేడాలు ఉంటాయి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో కొత్త కొలతలకు, పాత విస్తీర్ణానికి మధ్య తేడాలు వచ్చిన కమతాలు ఉన్నాయి. అలాంటప్పుడు రికార్డులోని అంకె వచ్చేదాకా మూలలను జరపకండి. అది సవరణ కాదు, పటాన్ని పట్టికకు తలవంచేలా చేయడం. పటం విస్తీర్ణం ఒక గడిలో, రికార్డు విస్తీర్ణం పక్క గడిలో ఉంచి, తేడాను మూడో గడిలో చూపండి.

చివరగా, సవరించిన ప్రతి మూలకూ ఒక వరుస రాసిపెట్టుకోండి: కమతం నంబరు, పాత విలువ, కొత్త విలువ, ఆధారం. మన ఉదాహరణలో అవి రెండే వరుసలు. ‘2వ కమతం, నైరుతి మూల, 464 నుంచి 474 లింకులకు, ఎఫ్ఎంబీ’ అన్నది మొదటిది. రేపు 2వ కమతం రైతు తన నాలుగున్నర సెంట్లు ఏమయ్యాయని అడిగితే ఆ వరుసే మీ సమాధానం.

9.10 సారాంశం

కమతాల విస్తీర్ణం లెక్కించే ముందు ఆకృతులు చెల్లుతాయా అని, తర్వాత అతివ్యాప్తులు, తర్వాత ఖాళీలు ఈ వరుసలో చూడాలి. మొత్తం సరిపోవడం రుజువు కాదు, ఖాళీలు అతివ్యాప్తులను దాచగలవు. సాఫ్ట్‌వేర్ దోషం ఎక్కడుందో చూపుతుంది. హద్దు ఏ వైపు జరగాలో సర్వే రికార్డు చెప్పాలి. సన్నని ఖాళీల్లో కొన్ని నిజమైన డొంకలు, కాలువలు. వాటిని పూడ్చకుండా వాటికే కమతం ఇవ్వాలి.

9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వెలుపలి హద్దు లోపలి విస్తీర్ణం 8.00 ఎకరాలు. కమతాల మొత్తం 8.03 ఎకరాలు. అతివ్యాప్తులు 5 సెంట్లు. ఖాళీలు ఎన్ని సెంట్లు?
2. 600 లింకుల పొడవు, ఒక చివర 20 లింకుల వెడల్పు, రెండో చివర సూదిమొన ఉన్న చీలిక ఎన్ని సెంట్లు?
3. `Eliminate selected polygons` వాడాక టోపాలజీ పరీక్షలో తప్పులు లేవు, మొత్తం సరిపోయింది. అయినా ఏ కారణంగా ఒక రైతుకు నష్టం జరిగి ఉండవచ్చు?

జవాబులు: 1) 800 − ఖాళీలు + 5 = 803 కనుక 2 సెంట్లు. 2) 600 × 20 ÷ 2 = 6,000 చదరపు లింకులు, అంటే 6 సెంట్లు. 3) భాగం 9.6 చూడండి.

9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. తనను తాను దాటిన హద్దు ఉన్న కమతానికి విస్తీర్ణం సున్నా ఎందుకు వస్తుందో, స్వయంచాలక సవరణ తర్వాత సగమే ఎందుకు వస్తుందో పటం గీసి వివరించండి.
2. మీ గ్రామంలో డొంక గాని, పంటకాలువ గాని పక్కన ఉన్న రెండు కమతాలను ఎంచుకొని, వాటి మధ్య ఖాళీ నిజమైనదా, దోషమా అని ఎలా నిర్ణయిస్తారో మెట్లవారీగా రాయండి.